పదిహేడో అంకెకు అయ్యే ఖర్చు

ఒక వరుసలో 16 గడులున్నాయి, 16 అంకెలతో అన్నీ నిండిపోయాయి. ఇప్పుడు 17వ అంకె వచ్చింది. పక్క గడిలో పెట్టేద్దామంటే కుదరదు. కంప్యూటర్ మెమరీలో ఆ పక్క గడిని అప్పటికే ఇంకో పనికి కేటాయించి ఉండొచ్చు. అందుకని ప్రోగ్రామ్ మరోచోట 32 గడుల కొత్త జాగా తీసుకుంటుంది. పాత 16 అంకెలనూ ఒక్కొక్కటిగా అక్కడ రాసుకుంటుంది. వాటి వెనక 17వ దాన్ని పెట్టి, పాత జాగాను వదిలేస్తుంది. ఒక గడిలో ఒక అంకె రాయడాన్ని ఒక రాత అనుకుంటే, ఈ ఒక్క అంకెను చేర్చడానికి 17 రాతలు పట్టాయి. దాని వెనకే వచ్చే 18వ అంకెకు మాత్రం ఒక్క రాత చాలు.

ఈ వరుసనే ప్రోగ్రామర్లు అర్రే అంటారు. అవసరాన్ని బట్టి తనంతట తాను పెరిగేదయితే డైనమిక్ అర్రే. ఫోన్‌లోని కాంటాక్టుల జాబితా కావచ్చు, దుకాణంలో బిల్లు కొట్టేటప్పుడు ఒక్కొక్కటిగా చేరే సరుకులు కావచ్చు, చివరికి ఎన్ని వస్తాయో ముందు తెలియని చోట తెర వెనక తరచు ఇలాంటి అర్రే ఉంటుంది. సి++ భాషలో దీని పేరు వెక్టర్, జావాలో అర్రేలిస్ట్, పైథాన్‌లో ఉత్త లిస్ట్.

గడులన్నీ ఒకే చోట, ఒకదాని పక్కన ఒకటి ఎందుకుండాలి? కొత్తవాటిని ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టుకోవచ్చు కదా? పెట్టుకోవచ్చు గానీ, అప్పుడు 5,000వ అంకె కావాలంటే అది ఎక్కడుందో వెతుక్కోవాలి. అన్నీ వరుసగా ఉంటే వెతుకులాట ఉండదు. మొదటి గడి చిరునామా తెలుసు, ఒక్కో గడికి ఎన్ని బైట్లో తెలుసు, కాబట్టి ఒక గుణకారం, ఒక కూడికతో 5,000వ గడి చిరునామా వచ్చేస్తుంది. అర్రేకు ఉన్న అసలు బలం ఇదే. అందుకే జాగా చాలకపోతే కొన్నింటిని మాత్రమే వేరే చోటికి పంపడం కుదరదు. మొత్తం వరుస కదలాల్సిందే.

సి++ ప్రమాణ పత్రం వెక్టర్ గురించి ఒక షరతు పెడుతుంది. చివర ఒక అంకె చేర్చే పని అమోర్టైజ్డ్ లెక్కన స్థిరమైన సమయంలో జరగాలి. అంటే వెక్టర్‌లో పది అంకెలున్నా పది లక్షలున్నా, ఒకటి చేర్చడానికయ్యే ఖర్చు ఒకేలా ఉండాలి. కానీ ఇప్పుడే చూశాం, 17వ అంకెకు 17 రాతలయ్యాయి. పది లక్షలకు పైన అంకెలున్న అర్రే నిండిపోతే, ఆ తర్వాత వచ్చే ఒక్క అంకె కోసం పది లక్షలకు పైగా రాతలు కావాలి. ఇక ఖర్చు స్థిరంగా ఉండటం ఎలా సాధ్యం? దీనికి జవాబు చెప్పే లెక్కే అమోర్టైజ్డ్ అనాలిసిస్.

ముందు ఆ పెరుగుదలను కళ్లారా చూద్దాం. జీసీసీ కంపైలర్ ఉన్నవారు ఈ నాలుగు వరుసలు నడిపి చూడవచ్చు.

```cpp
vector<int> v;
for (int i = 1; i <= 17; i++) {
    v.push_back(i);
    cout << v.size() << " " << v.capacity() << "\n"; }
```

ప్రతి వరుసలో మొదట కనిపించేది అంకెల సంఖ్య, రెండోది గడుల సంఖ్య. గడులు 1, 2, 4, 8, 16, 32 అని పెరుగుతాయి. 2వ అంకె, 3వ, 5వ, 9వ, 17వ అంకె చేరినప్పుడు గెంతు కనిపిస్తుంది, మధ్యలో అంతా నిశ్చలం. ఖరీదైన అడుగులు పోనుపోను ఒకదానికొకటి దూరమవుతున్నాయి. లెక్కంతా ఈ దూరం మీదే నిలబడుతుంది.

మొదటిది అగ్రిగేట్ పద్ధతి. ఒక్కో అడుగు ఖర్చు గురించి బెంగ మానేసి, మొత్తం పని అయ్యాక ఎంతయిందో కూడి, అడుగుల సంఖ్యతో భాగిస్తాం. ఖాళీ వెక్టర్‌తో మొదలుపెట్టి 1,000 అంకెలు చేర్చామనుకోండి. కొత్త అంకెలు రాయడానికి ఎలాగూ 1,000 రాతలు. గడులు 1 నుంచి 2కు, 2 నుంచి 4కు, అలా 512 నుంచి 1,024కు మారిన ప్రతిసారీ పాతవాటిని తిరిగి రాయాలి. ఆ రాతలు 1 + 2 + 4 + 8 అని మొదలై చివర 512తో ఆగుతాయి. కూడితే 1,023. మొత్తం ఖర్చు 2,023 రాతలు, అంటే అంకెకు రెండు రాతలకు కాస్త పైన.

1,000 దగ్గర ఆగాం కాబట్టి బతికిపోయామని అనుమానం రావచ్చు. అయితే అన్నిటికన్నా చెడ్డ చోటే ఆగుదాం. 1,024 గడులూ నిండి, 1,025వ అంకె చేరి, 1,024 పాత అంకెలూ కదిలిన మరుక్షణం. ఇప్పుడు తిరిగి రాసినవి 1 + 2 + 4 నుంచి 1,024 వరకు, మొత్తం 2,047. కొత్తవి 1,025. కలిపితే 3,072. దీన్ని 1,025తో భాగిస్తే మూడుకు వెంట్రుకవాసి తక్కువ. ఇంతకన్నా చెడ్డ చోటు లేదు. రెట్టింపవుతూ పోయే వరుసలో చివరి సంఖ్య ఎంతో, దాని ముందున్నవన్నీ కలిపినా అంతకు ఒకటి తక్కువే. చివరి తరలింపు 1,024 అయితే అంతకుముందు జరిగిన తరలింపులన్నీ కలిపి 1,023. కాబట్టి తరలింపుల ఖర్చు ఎప్పుడూ అంకెల సంఖ్యకు రెట్టింపు దాటదు. కొత్త రాతలు కలుపుకుంటే మూడింతలు దాటదు.

రెట్టింపు ఎంత అవసరమో తెలియాలంటే అది లేకుండా చూడాలి. నిండినప్పుడల్లా 10 గడులు మాత్రమే పెంచుతామనుకోండి. మెమరీ వృథా కాదు కదా అని చాలామందికి మొదట తోచేది ఇదే. 1,000 అంకెలకు తరలింపులు 10 + 20 + 30 అని సాగి 990 వరకు పోతాయి. మొత్తం 49,500. పది లక్షల అంకెలకైతే అది దాదాపు 5,000 కోట్లు. రెట్టింపు చేస్తూ పోతే అదే పది లక్షల అంకెలకు తరలింపులు 10,48,575 మాత్రమే. పదికి బదులు వెయ్యేసి గడులు పెంచినా గండం తప్పదు, పది లక్షల అంకెలకు దాదాపు 50 కోట్ల తరలింపులవుతాయి. ఎన్ని గడులు పెంచామన్నది కాదు, ఉన్నదాంట్లో ఎన్నో వంతు పెంచామన్నదే లెక్క.

ఈ జబ్బు తెలిసినవారి ప్రోగ్రాముల్లోకి కూడా చాటుగా దూరుతుంది. పదేసి అంకెలు వచ్చినప్పుడల్లా వాటికి ముందుగానే జాగా సిద్ధం చేద్దామని `v.reserve(v.size() + 10)` అని లూప్‌లో రాస్తారు. జీసీసీ వెక్టర్ ఆ మాటను ఉన్నదున్నట్టు పాటిస్తుంది. ఉన్న గడులు చాలనప్పుడు అడిగినన్నే ఇస్తుంది, రెట్టింపు చేయదు. మంచికని రాసిన వరుసే పదేసి గడుల పద్ధతిని వెనక్కి తెచ్చిపెడుతుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. లోపలికి పంపే అంకెల్ని రెట్టింపు చేసి సమయం చూడండి. సమయం కూడా రెట్టింపు అయితే పరవాలేదు. నాలుగింతలయితే ఎక్కడో తరలింపులు పేరుకుపోతున్నాయని అర్థం.

ఇక్కడ ఒక అపోహను తీసేయాలి. అంకెకు మూడు రాతలంటే సగటున, అదృష్టం బాగుంటే అని కాదు. ఈ లెక్కలో సంభావ్యత ఎక్కడా లేదు. ఏ రోజు నడిపినా, ఏ అంకెలు ఇచ్చినా, మొదటి నుంచి ఇప్పటిదాకా అయిన మొత్తం ఖర్చు మూడింతల లోపే ఉంటుంది. ఇది హామీ. అయితే హామీ మొత్తానికే, ఏ ఒక్క అడుగుకూ కాదు.

అగ్రిగేట్ పద్ధతిలో ఒక చిక్కుంది. అడుగులు ఏ వరుసలో వస్తాయో ముందే తెలిస్తేనే కూడగలం. అన్నీ చేర్పులే అయితే తరలింపులు ఎప్పుడొస్తాయో తెలుసు కాబట్టి కూడిక కుదిరింది. కొన్ని చేరి, కొన్ని తీసివేసి, మళ్లీ చేరి, ఎవరిష్టం వచ్చినట్టు వారు వాడుతుంటే కూడడానికి వరుస ఎక్కడిది? ఇలాంటి చోట పనికొచ్చేది పొటెన్షియల్ పద్ధతి. రాబర్ట్ టార్జన్ 1985లో అమోర్టైజ్డ్ లెక్కల మీద వెలువరించిన పత్రంలో ఇదే విషయాన్ని రెండు చూపులతో చెప్పారు. ఒకటి బ్యాంకరుది, రెండోది భౌతిక శాస్త్రవేత్తది. పొటెన్షియల్ అన్న మాట ఆ రెండో చూపు నుంచి వచ్చింది.

దీన్ని హుండీతో పోల్చుకుంటే సులువుగా పట్టుబడుతుంది. ప్రతి చేర్పు దగ్గరా మూడు రూపాయలు వసూలు చేద్దాం. ఒక రాతకు ఒక రూపాయి ఖర్చు. మామూలు చేర్పుకు ఒక రూపాయే ఖర్చవుతుంది, మిగతా రెండూ హుండీలో పడతాయి. తరలింపు వచ్చినప్పుడు హుండీ పగలగొడతాం. పొటెన్షియల్ పద్ధతిలోని తెలివి ఏమిటంటే, హుండీలో ఎంతుందో తెలుసుకోవడానికి పద్దు పుస్తకం అక్కర్లేదు. అర్రే ఇప్పుడున్న స్థితిని చూస్తే చాలు. అంకెల సంఖ్య n, గడుల సంఖ్య m అయితే, హుండీలో ఉండాల్సిన సొమ్ము ఇది:

Φ = 2n − m

ఈ సూత్రం ఎక్కడి నుంచో ఊడిపడింది కాదు. కిందటి తరలింపు జరిగినప్పుడు అర్రే సగం నిండి ఉంది, అంటే m/2 పాత అంకెలు. ఆ తర్వాత చేరినవి n − m/2. ఒక్కోటి రెండేసి రూపాయలు వేసింది కాబట్టి 2n − m. ఒక్కోటి రెండేసి ఎందుకంటే, మళ్లీ అర్రే నిండేసరికి సగం కొత్తవి, సగం పాతవి. పాతవాటి సొమ్ము కిందటి తరలింపులోనే ఖర్చయిపోయింది. అందుకని ప్రతి కొత్త అంకె తన తరలింపు ఖర్చుతో పాటు ఒక పాత అంకె ఖర్చునూ మోయాలి.

ఇప్పుడు 16 గడుల అర్రే దగ్గరికే వెళ్దాం. 9వ అంకె చేరి గడులు 16 అయినప్పుడు Φ = 18 − 16 = 2. పదోది చేరితే 4, పదకొండోది చేరితే 6. అలా రెండేసి పెరుగుతూ 16వ అంకె దగ్గర Φ = 32 − 16 = 16. హుండీలో 16 రూపాయలు, కదలాల్సిన అంకెలు కూడా 16. ఇప్పుడు 17వది వచ్చింది. అసలు ఖర్చు 17. గడులు 32 అయ్యాక Φ = 34 − 32 = 2. హుండీలో 16 ఉండేవి, ఇప్పుడు 2 మిగిలాయి, 14 తగ్గాయి. 17లో 14 హుండీ భరించింది. 17వ అంకె తన చేతి నుంచి ఇచ్చింది 3 మాత్రమే. 18వ అంకెకు అసలు ఖర్చు 1, హుండీలో పెరిగింది 2, అదీ 3. 17 రాతల అడుగుకూ ఒక్క రాత అడుగుకూ ఒకే ధర వచ్చింది. చాలా లెక్కలు చూశాను గానీ, ఈ ఒక్క వరుసలో రెండు అడుగులూ సమానమయ్యే చోట కలిగే ఆనందం వేరు.

దీన్ని రుజువుగా మార్చడానికి ఇంకొక్క మాట చాలు. అడుగుల ధరలన్నీ కూడితే వచ్చేది అసలు ఖర్చుల మొత్తం, దానికి తోడు హుండీలో చివర మిగిలింది. మధ్యలో పెరిగినవి, తగ్గినవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఖాళీ అర్రేతో మొదలుపెట్టాం కాబట్టి హుండీ మొదట సున్నా. ఆ తర్వాత అర్రే ఎప్పుడూ సగానికి తక్కువ నిండి లేదు కాబట్టి 2n − m సున్నా కిందికి పోదు, హుండీ అప్పుల్లో పడదు. కనుక అసలు ఖర్చు ధరల మొత్తాన్ని, అంటే 3nను, ఎన్నడూ దాటదు. పొటెన్షియల్ సూత్రం ఎంచుకునేటప్పుడు చూసుకోవాల్సింది ఈ రెండే: మొదట సున్నా కావాలి, ఎప్పుడూ రుణం కాకూడదు.

ఇక తీసివేతలు. అంకెలు తగ్గుతుంటే గడులు కూడా తగ్గించి మెమరీ వాపసు ఇవ్వడం న్యాయం. నిండితే రెట్టింపు చేశాం కాబట్టి సగానికి వస్తే సగం చేద్దాం అనిపిస్తుంది. చూడటానికి ఎంతో పొందికగా ఉంది, కానీ ఇక్కడే మునిగిపోతాం. 16 గడులు నిండి ఉన్నాయి. 17వది చేరింది, గడులు 32, రాతలు 17. వెంటనే ఒకటి తీసేశాం, అంకెలు 16 అయ్యాయి, సగానికి వచ్చాం, కాబట్టి 16 గడులకు తగ్గిద్దామని 16 అంకెలూ మళ్లీ కదిలాయి. తిరిగి ఒకటి చేరింది, మళ్లీ 17 రాతలు. చేర్చు, తీసేయ్, చేర్చు, తీసేయ్. ప్రతి అడుగూ ఖరీదైనదే, మధ్యలో చవక అడుగు ఒక్కటీ లేదు. పది లక్షల అంకెలున్న అర్రే ఈ అంచు మీద ఊగిసలాడితే ప్రోగ్రామ్ బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. హుండీ లెక్క కూడా అదే చెబుతుంది. తరలింపు అయిన వెంటనే ఇంకో తరలింపు వస్తే, నింపుకోవడానికి హుండీకి వ్యవధి ఏది?

మందు వ్యవధి ఇవ్వడమే. సగం దగ్గర కాకుండా, నాలుగో వంతు కన్నా తగ్గినప్పుడు గడులను సగం చేయాలి. 16 గడుల్లో 4 అంకెలున్నాయనుకోండి. ఒకటి తీసేస్తే 3 మిగులుతాయి, అప్పుడు గడులు 8 చేసి ఆ మూడింటినీ తరలిస్తాం. పెరిగినా తరిగినా, తరలింపు ముగిసేసరికి అర్రే సుమారు సగం నిండి ఉంటుంది, అటు అంచుకూ ఇటు అంచుకూ దూరంగా. సగం కన్నా తక్కువ నిండినప్పుడు హుండీకి ఇంకో సూత్రం కావాలి, ఎందుకంటే 2n − m అక్కడ రుణమైపోతుంది:

Φ = m/2 − n

సరిగ్గా సగం దగ్గర రెండు సూత్రాలూ సున్నాయే, కాబట్టి అతుకు కనిపించదు. 16 గడుల్లో 8 అంకెలున్నప్పుడు హుండీ ఖాళీ. ఒక్కో తీసివేతకు అసలు ఖర్చు ఒకటి, హుండీలో ఇంకొకటి, ధర రెండు. అంకెలు 4కు వచ్చేసరికి Φ = 8 − 4 = 4. ఇంకొకటి తీస్తే తీసివేతకు 1, తరలింపుకు 3, మొత్తం 4. ఆ తర్వాత Φ = 4 − 3 = 1. హుండీ 3 తగ్గింది, కాబట్టి ధర 1. చేర్పులు, తీసివేతలు ఏ వరుసలో కలగాపులగంగా వచ్చినా ధర మూడు దాటదు. వరుస ఏమిటని ఎక్కడా అడగలేదు చూశారా? ఇప్పటి n, m తెలిస్తే చాలింది. అగ్రిగేట్ పద్ధతికి ఇక్కడ చేతులు కట్టేసినట్టే.

నిజ జీవితంలో ఈ లెక్కలు కాస్త సర్దుకుంటాయి. సి++ వెక్టర్ `pop_back` పిలిచినప్పుడు గడులు తగ్గించనే తగ్గించదు. జావా అర్రేలిస్ట్ రెట్టింపుకు బదులు ఒకటిన్నర రెట్లు పెంచుతుంది. పైథాన్ లిస్ట్ ఇంకా పొదుపరి, పెద్దదయ్యాక దాదాపు ఎనిమిదో వంతే పెంచుతుంది. పెంచే వంతు తగ్గేకొద్దీ ఖాళీ గడులు తగ్గుతాయి, తరలింపులు పెరుగుతాయి. రెట్టింపు చేస్తే తరలింపులు అంకెకు గరిష్ఠంగా 2, ఒకటిన్నర రెట్లయితే 3, ఎనిమిదో వంతయితే 9 దాకా. అయినా ముగ్గురూ ఉన్నదాంట్లో వంతే పెంచుతున్నారు కాబట్టి హామీ ముగ్గురికీ వర్తిస్తుంది.

కానీ మొత్తానికి ఇచ్చిన హామీ చాలని చోట్లున్నాయి. పాట వినిపిస్తున్న ప్రోగ్రామ్‌కు తర్వాతి ముక్క కొన్ని మిల్లీసెకన్లలో అందాలి. సరిగ్గా ఆ క్షణంలో లక్షల అంకెల తరలింపు మొదలైతే పాట తెగుతుంది. సగటున బాగానే ఉందని వినేవారికి చెప్పలేం. ఎన్ని అంకెలు వస్తాయో ముందే తెలిస్తే ఒక్కసారి `reserve` పిలిచి ఊరుకోవచ్చు. తెలియకపోతే తరలింపును విడతలుగా చేస్తారు. 16 గడులు నిండగానే 32 గడుల జాగా తీసుకుంటారు గానీ పాతవాటిని అప్పుడే కదపరు. 17వ అంకెను కొత్త జాగాలో దాని స్థానంలో రాసి, దానితో పాటు ఒక్క పాత అంకెను తెస్తారు. 18వ దానితో ఇంకొకటి. 32వ అంకె చేరేసరికి పాత 16 కూడా వచ్చేసి ఉంటాయి, ఏ అడుగులోనూ రెండు రాతలు దాటవు. రెడిస్ అనే డేటాబేస్ తన హాష్ టేబుల్‌ను పెంచుకునేటప్పుడు చేసేది ఇలాంటిదే. దీనికీ మూల్యం ఉంది. తరలింపు ముగిసేదాకా రెండు జాగాలూ మెమరీలో ఉండాలి. 7వ అంకె కావాలన్న ప్రతిసారీ అది పాత జాగాలో ఉందా, కొత్త జాగాకు వచ్చేసిందా అని ముందు చూసుకోవాలి. చదవడం ఎక్కువ, చేర్చడం తక్కువ ఉన్న ప్రోగ్రామ్‌లో ఈ చూపు ప్రతి చదువుకూ ఒక అదనపు పని. అందుకే మామూలు వెక్టర్లు అప్పుడప్పుడు వచ్చే ఆ పెద్ద అడుగును భరించడానికే ఇష్టపడతాయి.